కోటు మీద వాన

సుచిత్రలో మా ప్రకటనల ఆఫీసు ఒక చిన్న గది. వానాకాలం గొడుగులు, రెయిన్ కోట్ల బొమ్మలు ఏఐతో చేయడం నా పని. ఈసారీ బొమ్మలు నచ్చకపోతే ఇక నన్ను ఉంచుకోనని మా సారు తేల్చి చెప్పేశాడు. నాన్న పోయాక ఇంట్లో సంపాదన నాదొక్కటే.

మేడ్చల్‌లో రెయిన్ కోట్లు కుట్టించే మేడమ్, నేను పంపిన బొమ్మలన్నీ తిప్పికొడుతోంది. "గివి వాన చుక్కలా? ముత్యాలు కుట్టినట్టున్నయి. పిల్ల జుట్టు సూడు, ఎండకు ఎండినట్టున్నది. రోడ్డు గూడ పొడిగనే ఉండె" అంది. నిజమే. చుక్కలన్నీ ఒకే సైజు, వరసగా, గొడుగు లోపల కూడా! ఏఐకి ఎన్ని మాటలు మార్చి రాసినా ఆ దిక్కుమాలిన ముత్యాలే వచ్చాయి.

ఇక లాభం లేదని మేడమ్ ఆఫీసుకు పంపిన శాంపిల్ కోటు అల్వాల్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు దండెం మీద వేసి మగ్గుతో నీళ్లు పోశాను. చుక్కలు నిలవలేదు. బట్ట నీళ్లు పీల్చి, భుజాల దగ్గర నల్లబడింది. అసలు వాన ఇలా ఉంటుందన్నమాట అని మురిసిపోయాను. చూసింది చూసినట్టు రాశాను: మబ్బు వెలుతురు, తడిసి నల్లబడిన భుజాలు, నుదుటికి అంటుకున్న జుట్టు, దీపాలు మెరిసే తడి రోడ్డు. బొమ్మ అచ్చం ఫోటోలా వచ్చింది. సారు కూడా శభాష్ అన్నాడు.

కోటు తిరిగి ఇచ్చి, బొమ్మ చూపిద్దామని నేనే మేడ్చల్ వెళ్లాను. మేడమ్ బొమ్మ చూసి, కోటు తీసి వాసన చూసింది.

"సబ్బు పొడితోటి ఉతికిండ్రా? సబ్బు అంటుకుంటే బట్ట నీళ్లు పీలుస్తది. తడిసే కోటని మీరే సూపెడితే ఎవలు కొంటరు?"

బల్ల మీది కొత్త కోటు మీద నీళ్ల బాటిల్ వంచింది. సన్న చుక్కలు నిలిచాయి, పక్కవాటితో కలిసి పెద్దవయ్యాయి, బరువెక్కి జారాయి, అంచుకు చేరి కారాయి. జారిన దారి మాత్రం పొడిగా ఉంది. అది కళ్లారా చూస్తుంటే ఏడుపొచ్చింది. సాయంత్రానికి మళ్లీ చేసి తెస్తానని బతిమాలాను.

"ఇగ వద్దమ్మా. వేరేటోళ్లకు ఇచ్చేసిన."

సారుకు ఫోన్ చేస్తే, రేపటి నుంచి రావద్దన్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఎదురుచూస్తోంది. "కోటు సూసి ఏమన్నరు బిడ్డా? మట్టిగ ఉండెనని నేనే మంచిగ ఉతికిన. నీ పని నిలబడాలని చర్చిల ప్రార్థన గూడ చేపిచ్చిన."

గడపలోనే కూర్చుని చెప్పులు విప్పాను.

"మస్తు మెచ్చుకున్నరమ్మా."

"అయితే ఇగ పనికి ఢోకా లేదు గదా?"

"లేదు" అన్నాను.