నేను పీకించిన ఎర్రబొట్లు

తర్లుపాడు వైపు ఒక ఊరి హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. సైన్స్ ఫెయిర్‌లో మా బడి పిల్ల చేసిన అట్ట నమూనా ఎందుకు ఓడిపోయిందని అడిగిన వాళ్లందరికీ కొంతకాలం ఒకటే మాట చెప్పాను: ఆ పిల్ల చివరి నిమిషంలో ఏదేదో మార్చింది, అందుకే పోయింది. ఆ మాట అబద్ధం. జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

పదో తరగతిలో కణవిభజన పాఠం ఉంటుంది. నేను ఏళ్ల తరబడి దాన్ని ఒకే రకంగా చెప్పాను. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు సమవిభజన: శరీర కణాల్లో జరుగుతుంది, ఒక కణం రెండవుతుంది, నలభై ఆరు క్రోమోజోములు నలభై ఆరుగానే ఉంటాయి. కుడివైపు క్షయకరణ విభజన: ముష్కాల్లో, స్త్రీబీజకోశాల్లో జరుగుతుంది, వరుసగా రెండుసార్లు చీలి, నలభై ఆరు ఇరవై మూడవుతాయి. తేడాలు రాయమని పరీక్షలో అడుగుతారు. గీత గీసుకున్న పిల్లలకు మార్కులు వస్తాయి. కుడివైపు ఆ అవయవాల పేర్లు రాసి, మగపిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేలోపే తుడిచేసేవాణ్ణి. ఆ భాగం ఇంటికాడ చదువుకోండి అనేవాణ్ణి. చదువుకుని వచ్చి అడిగినవాళ్లు ఎప్పుడూ లేరు.

ఆ ఏడు ఒక అమ్మాయి అడిగింది. వాళ్లమ్మ పొలం కూలికి పోయేది, కౌలుకు తీసుకున్న కొంచెం చేలో కంది కూడా వేసేది. అందరూ వెళ్లాక ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ముష్కాల్లో ఒక కణం నాలుగు శుక్రకణాలయి పోతే, ఆ కణం ఇంక లేనట్టే కదా. అట్ల పోతా ఉంటే కొన్నాళ్లకు అన్నీ అయిపోవాల. ఎందుకు అయిపోవు?"

నేను ఏదో అన్నాను, దేహం చూసుకుంటుందనో ఏమో. ఆ పిల్ల వదల్లేదు. "మా అమ్మ కందులు అన్నీ అమ్మదు సార్. విత్తనానికని కొన్ని పక్కన పెడతది. ఆడ గూడా పక్కన పెట్టుకునే కణాలు ఉండాల. అవి మామూలుగా రెండవుతా ఉండాల."

సిలబస్‌లో లేనివి ఎందుకమ్మా అని పంపేశాను.

మార్కాపురంలో జరిగే సైన్స్ ఫెయిర్‌కి మా బడి తరఫున ఆ పిల్లే అట్ట తయారుచేసింది. పెద్ద థర్మోకోల్ షీటు మీద స్త్రీ, పురుషుల ఆకారాలు గీసి, ఎక్కడ ఏ విభజన జరుగుతుందో బొట్టుబిళ్లలతో చూపించింది. ఎరుపు సమవిభజన, ఆకుపచ్చ క్షయకరణం. వాళ్లది చర్చికి పోయే కుటుంబం, ఇంట్లో ఎవరూ బొట్టు పెట్టుకోరు. ఎవరికి పాపా ఇన్ని బిళ్లలు, పెళ్లా అని దుకాణం ఆయన ఆట పట్టించాడని నవ్వుతూ చెప్పింది. చర్మం మీద, పేగుల లోపలి పొర మీద, ఎముక మజ్జలో ఎర్రవి వరసగా అంటించింది. కాలేయం మీద ఒక్కటే పెట్టింది. మెదడు దాదాపు ఖాళీగా వదిలింది. ఇక్కడెందుకు పెట్టలేదని అడిగితే, నాడీకణాలు ఒకసారి తయారయ్యాక మామూలుగా విభజన చెందవు కదా సార్, అంది. నేను చెప్పిన పాఠంలో మాటే. నాకు గర్వంగా అనిపించింది.

ఫెయిర్ రోజు పొద్దున, బల్ల మీద అట్ట నిలబెట్టాక చూశాను. ముష్కాల దగ్గర, స్త్రీబీజకోశాల దగ్గర ఆకుపచ్చ బిళ్లల పక్కనే ఎర్రవి కూడా ఉన్నాయి.

"ఇవేంది?"

"ఆడ రెండూ జరుగుతాయి సార్."

"నేనేం చెప్పినాను? శరీర కణాలు ఒకటి, బీజకణాలు ఒకటి. రెండూ కలిపితే జడ్జిలు నవ్వుతారు. పీకెయ్."

ఆ పిల్ల కదల్లేదు. ఒకసారి పుస్తకంలో చూడమన్నట్టు నా వైపు చూసింది. నేను చూడలేదు. పుస్తకం నా సంచిలోనే ఉంది. చూడకపోవడానికి ఒక్కటే కారణం, ఆ పిల్ల చెప్పింది నిజమైతే ఇన్నేళ్లు నేను బోర్డు మీద గీసిన గీత ఏమవుతుందోనన్న భయం. ఆ పిల్ల గోటితో ఒక్కో ఎర్రబిళ్లా లేపింది. థర్మోకోల్ పైపొర కూడా కొంచెం లేచి, గుంటలు పడ్డాయి, జిగురు మరకలు మిగిలాయి.

జిల్లా స్థాయికి ఎంపికైతే చాలు, ఇంటర్‌లో బైపీసీ చేర్పిస్తానని వాళ్లమ్మ మాటిచ్చింది. లేకపోతే అక్క చదివిన గ్రూపే, ఆ పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. ఆ రోజు వాళ్లమ్మ పని మానుకుని బస్సెక్కి వచ్చి, పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

జడ్జి గిద్దలూరు నుంచి వచ్చిన లెక్చరర్. చాలాసేపు అట్ట ముందు నిలబడ్డాడు. మెదడు ఖాళీగా ఉండటం చూసి తల ఊపాడు. తర్వాత వంగి, ఆ గుంటల మీద వేలు పెట్టాడు.

"ఈడ ఏదో అంటించి పీకినట్టుంది. ఏందమ్మా అది?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను పక్క బల్ల మీద అగ్నిపర్వతం బొమ్మను చూస్తున్నాను.

"ఎర్రవి సార్. పొరపాటున పెట్టినా. తీసేసినా."

"పొరపాటు ఎట్లయితది? అవే ఉండాల్సింది." ఆయన మెల్లగా, క్లాసులో చెప్పినట్టే చెప్పాడు. ముష్కాల్లో మూలకణాలు ముందు సమవిభజనతోనే పెరుగుతాయి. వాటిలో కొన్ని అట్లాగే మిగులుతాయి, కొన్ని ముందుకు పోయి క్షయకరణం చెంది శుక్రకణాలవుతాయి. అందుకే ఆ నిల్వ తరగదు. ఆడపిల్లల్లో అయితే ఆ పెరగడమంతా తల్లి కడుపులో ఉండగానే అయిపోతుంది. క్షయకరణం కూడా అప్పుడే మొదలై మధ్యలో ఆగుతుంది. ఈడొచ్చాక మళ్లీ సాగుతుంది. అండం చుట్టూ ఉండే కణాలు మాత్రం తర్వాత కూడా సమవిభజనతో పెరుగుతాయి. కాబట్టి రెండు చోట్లా రెండు రంగులూ ఉండాలి.

అంతా కందుల లెక్కే. ఆ పిల్ల మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది, అంతలోనే పోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. "పెట్టిందాన్ని ఎందుకు తీసింది సార్ మీ అమ్మాయి?"

"ఈ పిల్ల అంతే సార్," అన్నాను. "చివరి దాకా ఏదో ఒకటి మారుస్తా ఉంటది. చెప్పినా వినదు."

ఇంత సులువుగా ఎట్లా వచ్చిందో ఆ మాట. ఆ పిల్ల తల దించుకుంది. గోడ పక్కనున్న వాళ్లమ్మకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. ఎంపికైన బడుల పేర్లు చదివినప్పుడు మా బడి లేదు. బస్సులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక నుంచి తల్లి గొంతు వినిపిస్తూనే ఉంది. సార్ చెప్తే వినవా, నీకు సార్ కంటే తెలుసా, పని మానుకుని వచ్చినాను కదనే, అని. పిల్ల గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. వెనక్కి తిరిగి ఒక్క మాట చెప్తే సరిపోయేది. తర్లుపాడు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత క్లాసులో ఆ పిల్ల ప్రశ్నలు అడగడం మానేసింది. నేనూ ఆ పాఠం మళ్లీ తీయలేదు. ఫైనల్‌కి ముందు బడిలో పెట్టిన పరీక్షలో తేడాల ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల పేపరు దిద్దుతున్నాను. మధ్యలో గీత, అటూ ఇటూ నేను చెప్పినవే. అడుగున ఒక వాక్యం ఎక్కువ రాసింది: ముష్కాలలో, స్త్రీబీజకోశాలలో సమవిభజన జరగదు.

ఆ వాక్యం తప్పని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలుసు. నాకు కావాల్సింది ఇదేనని రాసింది. తరగతిలో మిగిలినవాళ్లు తెలియక రాశారు, తెలిసి రాసింది ఆ పిల్ల ఒక్కతే. ఎర్రపెన్ను పట్టుకుని, కొట్టెయ్యాలో మార్కు వెయ్యాలో తేల్చుకోలేకపోయాను.

మరునాడు బోర్డు మీద అదే గీత గీసి, కుడివైపు పేర్లు రాసి, తుడవకుండా ఉంచాను. ఈ గీత తప్పు, ఇక్కడ రెండూ జరుగుతాయి అని మొత్తం చెప్పాను. మోచేతుల పొడుపులు కొంచెం సేపు సాగి, వాటంతటవే ఆగిపోయాయి. ఫెయిర్‌లో బిళ్లలు పీకించింది నేనేనని, అబద్ధం చెప్పింది కూడా నేనేనని చెప్పాను. వెనక బెంచీలో ఒకడు, అయితే మేం తప్పు రాసిందానికి మార్కులు ఎవరియ్యాల సార్, మీరా మేమా, అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, బోర్డు మీది పాఠం నోట్సులో ఎక్కించుకుంటూ కూర్చుంది.

ఆదివారం వాళ్ల చర్చిలో ప్రార్థన అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ కుర్చీ తుడిచి వేసింది. కూర్చోకుండానే చెప్పాను.

"అయితే ఆ పొద్దు బస్సులో నేను తిట్టిందంతా?"

"నన్ను తిట్టాల్సింది అమ్మా."

"మీరు ముందరే కూర్చోనుంటిరి కదా సార్. వింటా ఉంటిరి కదా."

"విన్నాను అమ్మా," అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల అడిగింది, "ఆ జడ్జి సార్‌కు చెప్పినారా?"

చెప్పలేదు. నాకు తట్టలేదు కూడా. ఫెయిర్ రోజు తీసుకున్న ఆయన నంబరు నా ఫోన్‌లోనే ఉంది. వాళ్ల ముందే చేసి స్పీకర్ పెట్టాను. ఏ బడి అని ఆయన అడిగాడు. గుంటలున్న అట్ట అనేసరికి గుర్తుపట్టాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఫలితాలు ఇప్పుడేం మార్చలేమండీ అన్నాడు. తర్వాత, ఆ పాప ఉందా అని అడిగాడు. ఫోన్ ఆ పిల్ల చేతికిచ్చాను.

"అవే ఉండాల్సిందని నీకు ముందే ఎట్ల తెలుసమ్మా?"

"అవి అట్ల పెరగకపోతే అన్నీ అయిపోతాయి కదా సార్," అంది.

పదో తరగతి అయ్యాక బైపీసీలో చేర్చింది వాళ్లమ్మ. నేను చెప్పినందుకు కాదు. ఆ ఫోన్ మాట విన్నందుకని నేననుకుంటున్నాను. అట్ట ఇంకా మా తరగతి గదిలోనే ఉంది. పదో తరగతి ముగిసి ఆ పిల్ల మా బడి వదిలి వెళ్లే ముందు పిలిచి, ఎర్రబిళ్లల ప్యాకెట్టు ఇచ్చి, మళ్లీ అంటించమన్నాను.

"మీరే అంటించండి సార్," అంది. "పీకించింది మీరు కదా."

అంటించాను. పాత జిగురు మరక మీద బిళ్ల నిలవలేదు, ఊడి కింద పడింది. ఆ పిల్ల వంగి తీసి నా చేతిలో పెట్టి, గుంట పక్కన చోటు చూపించింది.