వదినకు పంపిన తిప్పతీగ రసం

కరోనా రోజుల్లో మచిలీపట్నంలోని మా పెరటి తిప్పతీగతో రసం తీసి, పాలకాయతిప్ప దగ్గర చేపలమ్మే మా వదినకు సీసాల్లో పంపేదాన్ని. "పరగడుపున తాగు వదినా, ఇమ్యూనిటీ పెరుగుతుంది" అని చెప్పాను. ఆమె థైరాయిడ్ మాత్రలు వాడే మనిషి. నేను నర్సును కాబట్టి మారు మాట్లాడకుండా తాగింది.

రెండు నెలలకు ఆమె కళ్లు పచ్చబడ్డాయి. గుడివాడలో డాక్టరు గారికి చూపించాను.

"ఆకు మందులు, కషాయాలు ఏమైనా వాడుతున్నారా అండీ?" అని ఆయన అడిగారు.

వదిన నా వైపు చూసింది. "లేదండీ" అని నేనే చెప్పేశాను. నర్సునై ఉండి ఇచ్చానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

కామెర్ల వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చాయి. వారం తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే లివర్ ఇంకా దెబ్బతిన్నట్టు తేలింది. మళ్లీ గుడివాడ వెళ్తుంటే బస్సులో వదిన అంది: "నీ రసం మానలేదమ్మా. తగ్గుద్దని రెండు పూటలా తాగుతున్నా."

ఆ రోజు డాక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"ఇది తాగి లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయమ్మా. అందరికీ అవదు. కానీ కొన్ని థైరాయిడ్ జబ్బుల్లో ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. దాన్నింకా రెచ్చగొడితే లివర్ మీద కూడా పడొచ్చు."

రసం మాన్పించి స్టెరాయిడ్లు ఇచ్చారు. కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది.

"డాక్టరు గారు అడిగితే నేనే చెప్పడం మర్చిపోయా" అని వదిన ఇంట్లో అందరికీ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. కాదని అనలేదు.