పెళ్లి వీడియోలో నలుపు

శంషాబాద్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో నేను యజమానికి ఎదురు చెప్పింది ఒక్కసారే.

అప్పుడు నా చేతిలో ఉన్న పెళ్లి వీడియోలో, పెళ్లికూతురి తాత నిశ్చితార్థంలో నవ్వుతూ కనిపిస్తాడు. పెళ్లినాటికి ఆయన లేడు. తాళి కట్టగానే డప్పుల మీదికి నేరుగా కట్ చేశాను. మంగళస్నానం నుంచి సాయంత్రం ఎదుర్కోళ్లకు, ఒక దృశ్యం మీద ఇంకోటి తేలివచ్చేలా డిజాల్వ్ పెట్టాను, పొద్దు గడిచినట్టు. తాత నవ్వు తర్వాత మాత్రం తెరను మెల్లగా నల్లబరిచి, ఆ నలుపులోంచి పూల పందిరి చూపించాను.

"ఏందమ్మా గిది? పెండ్లి వీడియోల నలుపా? కరెంటు పోయిందనుకుంటరు. డిజాల్వ్ కొట్టు" అన్నాడు యజమాని.

"డిజాల్వ్ కొడితే పందిరి పూలు తాత మొఖం మీద పడ్తయన్నా. ఫొటోకు దండేసినట్టు ఉంటది. నేను తియ్య."

"ఆళ్లు గొడవ జేస్తే?"

"నేనే జవాబు చెప్త."

నేను మౌస్ వదల్లేదు.

వీడియో చూడటానికి పెళ్లికూతురి ఇంటివాళ్లు వచ్చారు. తెర నల్లబడగానే పెళ్లికూతురి తండ్రి, "శుభమా అని పెండ్లయితే గీ నలుపేంది? తీసెయ్" అన్నాడు.

"తియ్యనండి" అన్నాను, ఆయన కళ్లలోకి చూడకుండానే.

పెళ్లికూతురి నాయనమ్మ తన కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యిరా. గంతసేపన్న అందరు ఆయన కోసం ఆగిండ్రు."