చేతులమీద చేతులు

నవారు కుర్చీలు అల్లే ఆమెకు పుట్టుచెవుడు. ముప్పై దాటాక చూపు కూడా కొద్దికొద్దిగా కుంచించుకుపోయి, చివరికి చీకటే మిగిలింది. అప్పటిదాకా కళ్లతో చూసిన సైగలను ఎదుటివాళ్ల చేతులమీద తన చేతులు ఆనించి చదవడం నేర్చుకుంది. అలా మొదట చేతులిచ్చింది తమ్ముడే.

తొమ్మిదేళ్లుగా ఆమెకో తోడుమనిషి ఉంది. రాగానే మోచేతిమీద రెండుసార్లు తడుతుంది. 'వచ్చింది నేనే' అని గుర్తు. నడిపించేటప్పుడు లాగదు, తొయ్యదు. తన మోచెయ్యి పట్టుకోనిచ్చి అరడుగు ముందు నడుస్తుంది, మెట్టు రాగానే ఆగుతుంది. కంచంలో ఏది ఎక్కడుందో చెబుతుందే గాని కలిపి పెట్టదు.

తమ్ముడు ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డాడు. తోడుమనిషి ఆమెను అక్కడికి తీసుకెళ్లింది. మరదలు వరండాలోనే తోడుమనిషి చెవిలో గుసగుసలాడింది.

"గొంతులో గొట్టం వేశారు. ఇక లాభం లేదంటున్నారు. వదినకి చెప్పకమ్మా, తట్టుకోలేదు. నిద్రపోతున్నాడని చెప్పు."

తోడుమనిషి ఇరుకున పడింది. కాదంటే ఇంటిమనుషులతో తగువు, ఔనంటే తొమ్మిదేళ్ల నమ్మకం నీళ్లపాలు.

"అలా కుదరదమ్మా. ఇక్కడ అన్నది ప్రతిదీ ఆవిడ చేతికి అందాల్సిందే. మీరిప్పుడు అన్నది కూడా."

అంతా చేతుల్లో చెప్పింది. తర్వాత ఆమె చేతులు అన్నదాన్ని తోడుమనిషి గొంతు పైకి చెప్పింది: "తట్టుకోవడం తప్ప ఇన్నేళ్లూ నేనేం చేశానే? పద, వాడి దగ్గరికి."

మంచం దగ్గర తోడుమనిషి ముందు ఆమె చేతికి కమ్మీని తాకించింది. ఏ గొట్టం ఎక్కడుందో, ఎక్కడ ముట్టుకోకూడదో చెప్పింది. తమ్ముడి చేతికి పట్టీ కట్టి ఉంది.

"గొట్టం పీకేస్తాడని కట్టామండీ. ఊరికే చెయ్యి కొట్టుకుంటున్నాడు" అంది నర్సు. తోడుమనిషి అడిగితే పట్టీ విప్పి, పక్కనే నిలబడింది.

ఆమె తన చేతిని తమ్ముడి చేతిమీద ఆనించింది. వాడి వేళ్లు బలహీనంగా కదిలాయి. అవి చిన్నప్పుడు ఇద్దరూ కల్పించుకున్న సైగలు. తోడుమనిషికి ఒక్కటీ అర్థం కాలేదు. ఆమే తిరిగి మామూలు సైగల్లో చెప్పింది.

"వీపు కింద ఏదో గుచ్చుకుంటోందట" అంది తోడుమనిషి.

మెల్లగా పక్కకు ఒత్తిగిలిస్తే సూది మూత ఒకటి దొరికింది. వీపుమీద ఎర్రగా గుంట పడింది. నర్సు తలదించుకుంది. మరదలు ఆ గుంటమీద మెల్లగా నిమిరింది.

ఆ తర్వాత నాలుగు రోజులు తమ్ముడు పెళ్లాంతో మాట్లాడింది అక్క చేతుల ద్వారానే. ఐదోరోజు పొద్దున వేళ్లు ఆగిపోయాయి. ఊపిరి పోయాక గొట్టాలు తీసేశారు.

"ముఖం ఎలా ఉంది?" అని అడిగింది ఆమె.

"ప్రశాంతంగా ఉంది" అనడం తేలికే. కాని తోడుమనిషి చూసిందే చెప్పింది. "నోరు కాస్త తెరుచుకుంది. గడ్డం మాసింది."

ఆమె సబ్బూ రేజరూ అడిగింది. ఎడమచేత్తో దవడను తడుముకుంటూ, కుడిచేత్తో నిదానంగా, ఒక్క గాటు పడకుండా తమ్ముడికి గడ్డం గీసింది. మరదలు నీళ్లగిన్నె పట్టుకుని నిలబడింది.