అరవై మాటల్లో హేమావతి

చార్టర్డ్ అకౌంటెంట్ హేమావతికి ఆ శనివారం కాళ్లు నేల మీద ఆనలేదు. రాయదుర్గంలో దాదాపు ఎనిమిదేళ్లు ఒంటరిగా ప్రాక్టీసు చేసి, ఆ ఏడే, అంటే 2007లో, అనంతపురంలోని రామదాసు గారి ఫర్ములో భాగస్వామి అయింది. ఇప్పుడు ఫర్ముకు వెబ్‌సైటు వస్తోంది. అందులో ఆమె గురించి అరవై మాటలకు మించకుండా ఒక పరిచయం, పక్కన ఒక చిన్న ఫొటో. ఇంటర్నెట్ సెంటరు గిరి తెలుగు పేజీ కూడా చేస్తానన్నాడు. అక్షరాలు అన్ని కంప్యూటర్లలో కనబడవు కాబట్టి బొమ్మగా అతికిస్తాడట. మూడు గంటలకల్లా మ్యాటరు ఇవ్వాలి.

మ్యాటరు రామదాసు గారే రాసిపెట్టారు. పెద్దమనిషి, మంచివారు, కానీ కలం పట్టుకుంటే సన్మానపత్రమే వస్తుంది. "అపార అనుభవశీలి, ఆర్థిక శాస్త్ర పారంగతురాలు" అని మొదలై ఎక్కడా ఊపిరి తీసుకోదు. హేమావతి నవ్వాపుకుంటూ చదివింది. అనుభవం అపారం కాదు, ఏడేళ్ల పది నెలలు. పైగా సి.ఏ.ల ఇన్‌స్టిట్యూటు మనల్ని మనం పొగుడుకోనివ్వదు. కానీ సీనియరుతో ఆ మాట అనేదెట్లా?

సరిగ్గా అప్పుడే గుమ్మఘట్ట నుంచి వాళ్ల నాయన తిప్పయ్య ఆఫీసులో దిగాడు. ఊళ్లో పిండిమర ఆయనది. మర ఆయన తిప్పుతాడు, గల్లాపెట్టె భార్య చూస్తుంది. ఇరవై ఏళ్లు ఆయన ఆడిటరు దగ్గరికి ఏడాదికోసారి పోయేవాడు. వాకిట్లో చెప్పులు విడిచి, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి, ఒక్క మాట అడక్కుండా తిరిగొచ్చేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట పోయిన హేమావతికి ఆ మౌనం చూస్తే ఒళ్లు మండేది. ఆమె సి.ఏ. చదివింది ఆ మంటతోనే.

పేరూ ఫొటో లేని ఆ కాగితం నాయన చేతికిచ్చింది. "చదువు నాయనా, ఈమె దగ్గరికి నువ్వు పోతావా?"

ఆయన కూడబలుక్కుంటూ చదివి, కాగితం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "ఎవురో శానా పెద్దామె. మనట్లాంటోళ్లు ఆమె ముందర యాడ కూచుంటాం పాపా?"

హేమావతి కాగితం వైపు చూసింది. కన్నతండ్రికే తాను కనబడని కాగితాన్ని ఊరందరికీ చూపించబోతోంది!

"అది నేనే నాయనా!"

తిప్పయ్య నోరు తెరిచాడు. అవతలి కుర్చీలో రిటర్ను కోసం వచ్చిన బేకరీ జుబేదాబీ పకపకా నవ్వింది. భర్త జమాల్ సాబ్ ఉలిక్కిపడి తానూ నవ్వాడు. "నువ్వా మేడమ్మా! పారంగతురాలా! మొన్న మా పాప పెండ్లి చీరలు బేకరీ ఖర్చులో రాసినామని మమ్మల్ని కూచోబెట్టుకోని మూడుసార్లు చెప్తివే, అది రాయమ్మా!" అంది జుబేదాబీ.

"మా బేకరీ పేరు గూడా ఎయ్యండి," అన్నాడు జమాల్ సాబ్ మీసం దువ్వుకుంటూ.

"క్లయింట్ల పేర్లు వేయకూడదు సాబ్, రూలు ఒప్పుకోదు."

"అయితే బిస్కెట్ ఫొటో ఎయ్యండి!"

ఇక ఆ గదిలో ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒకరు చెప్పడం, ఇంకొకరు కొట్టేయడం, హేమావతి వేళ్లు మడుస్తూ మాటలు లెక్కపెట్టడం. గోల విని రామదాసు గారు వచ్చారు. తన పారంగతురాలు కొట్టివేతల కింద పడి ఉండడం చూసి ఒక క్షణం చిన్నబుచ్చుకున్నారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని కొత్తది పైకే చదివారు:

"హేమావతి, ఎఫ్.సి.ఏ. 1999 ఆగస్టు నుంచి ప్రాక్టీసులో ఉన్నారు. కుటుంబ వ్యాపారాల పుస్తకాలు, ఆడిట్, ఆదాయపు పన్ను రిటర్నులు చూస్తారు. ఇంటి ఖర్చునూ అంగడి ఖర్చునూ విడదీయడంతో పని మొదలుపెడతారు. సంతకానికి ముందు ప్రతి కాగితం ఏమిటో తెలుగులో చెబుతారు. ఇంటిల్లిపాదీ కలిసి రావచ్చు. ఎంత చిన్న సందేహమైనా అడగవచ్చు."

"ఇంత సులభంగా ఉంటే మర్యాదగా ఉంటుందా అమ్మా?" అని గొణిగారు గానీ, కింద సంతకం పెట్టేశారు. జుబేదాబీ చప్పట్లు కొట్టింది. హేమావతికి ఆ క్షణాన కుర్చీ ఎక్కి గంతులేయాలనిపించింది. పేరు పక్కన ఎఫ్.సి.ఏ. ఉంది కాబట్టి ఆగింది.

తిప్పయ్య ఆ కాగితం తీసుకుని ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. కూతురి బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని, ముందుకు జరిగి కూర్చున్నాడు.

"అయితే ఒకటి అడుగుతా మేడమ్. నా మర బంగారమట్ల ఆడతానే ఉండాది గదా, ఏటేటా లెక్కల్లో దాని విలువ యెందుకు తగ్గించి రాస్తాండారు?"