మెత్తగా నూరిన ముక్క

ఆసుపత్రి ల్యాబులో ఆమెను అందరూ కల్వమక్క అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల గుమాస్తాకి తెలిస్తే తెలియాలి. పింగాణీ కల్వం, దాని చిన్న బండ ఆమె చేతిలో ఉంటే ఎంత మొండి కండైనా కాటుకైపోయేది. క్షయ అనుమానం ఉన్న ముక్కలు ఎక్కడెక్కడి వార్డుల నుంచో ఆమె బల్ల మీదికి వచ్చేవి. ఆ క్రిములు కండలో దాక్కుంటాయి. వాటిని బయటికి లాగాలంటే కండను మెత్తగా నూరాలి, బద్ధకిస్తే దొరకవు. ఆమె బద్ధకించేది కాదు. మిగతావాళ్లు పలుకులు పలుకులుగా వదిలేసింది చూసి, "అట్లపిండి రుబ్బుతున్నావా, రవ్వ దోసకా?" అని వెక్కిరించేది. ఆ వెక్కిరింపు పడ్డవాళ్లకి కూడా ఆమె అంటే ఇష్టమే.

బూజు, అంటే ఫంగస్, పట్టిన ముక్కలు చూసే బల్ల మాత్రం చాలాకాలం ఆమెది కాదు. దాన్ని ఒక ముసలాయన చూసేవాడు, బూజుమావయ్య అనేవారు. రోగి ముక్కు నుంచో ఊపిరితిత్తి నుంచో వచ్చిన ముక్కని ఆయన కల్వంలో వేయకుండా, బ్లేడుతో సన్నగా తరిగేవాడు. అది చూసి కల్వమక్కకి నవ్వొచ్చేది.

"కల్వం ఎదురుగా ఉండగా ఆ తరుగుడేంటి మావయ్యా, చేతులు లాగుతున్నాయా?" అని అడిగింది ఒకసారి.

"నల్లబూజుని నూరితే చస్తుందే తల్లీ," అన్నాడాయన తల ఎత్తకుండా. "వెదురుకైతే కణుపులుంటాయి, ఒకచోట విరిగినా మిగతాది నిలుస్తుంది. దీనికి కణుపుల్లేవు, ఒళ్లంతా ఒకటే గొట్టం. ఒకచోట పగిలితే లోపలున్నదంతా కారిపోతుంది. చచ్చినదాన్ని పళ్లెంలో వేసి ఎంత కూర్చుంటే మాత్రం మొలుస్తుందా?"

ముసలాయన బద్ధకానికి ఎంత చక్కని కథ అల్లాడని ఆమె ఇంటికెళ్లి మొగుడికి చెప్పి నవ్వింది. తర్వాత బూజుమావయ్య రిటైరయ్యాడు, ఆ బల్ల కూడా ఆమెకే వచ్చింది.

మొదట్లో బాగానే నడిచింది. కీమో వార్డులో ఒక పిల్లకి జ్వరం తగ్గకపోతే, రక్తం సీసాలో ఈస్టు అనే బూజు గుండ్రటి కణాలు కనిపించాయి. చర్మం మీది మురికి అయ్యుంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. రక్తంలో ఈస్టు కనిపిస్తే అది ఎప్పుడూ నిజమే అని లెక్క. ఆమె అప్పటికప్పుడు ఫోన్ చేసింది. ఆ పిల్ల ఛాతీలోంచి మందులెక్కించే గొట్టాన్ని ఆ రోజే తీసేశారు. ఈస్టు ఆ గొట్టం గోడకి జిగురు పొరలా పట్టుకుని కూర్చుంటుంది, గొట్టం ఉన్నంతకాలం మందు దాన్ని ఊడబెరకలేదు. పిల్ల బతికింది. ఆ పిల్ల తల్లి వచ్చి చేతులు పట్టుకున్నప్పుడు, ఈ బల్ల పనిలో మాత్రం తనకి తెలియనిదేముంది అనిపించింది కల్వమక్కకి.

ఆసుపత్రి వెనక గేటు ఎదురుగా ఒక టైలరు ఉండేవాడు. ల్యాబులో అందరి తెల్లకోట్లూ కుట్టేది అతనే. ఆమె కోటుకి అడక్కుండానే ఒక జేబు ఎక్కువ పెట్టేవాడు, "అక్క చేతికి అందింది దాచుకుంటది కదా" అని. అతనికి రెండు కిడ్నీలూ పోతే చెల్లెలు ఒకటి ఇచ్చింది. "అది నీది కాదన్నయ్యా, అద్దెకిచ్చాను, జాగ్రత్తగా వాడుకో" అని ఆ పిల్ల నలుగురిలో ఆటపట్టించేది. పరాయి కిడ్నీని ఒళ్లు తోసేయకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఒంటి కాపలావాళ్లని నిద్రపుచ్చుతాయి, షుగరునీ పెంచుతాయి. కాపలా లేని ఒంట్లో, తీపెక్కిన రక్తంలో, అందరమూ రోజూ పీల్చి వదిలేసే బూజు గింజలు అతని ముక్కులో మొలిచాయి.

ముందు బుగ్గ మొద్దుబారింది. తర్వాత కన్ను కింద వాపు, తలనొప్పి. ముక్కు డాక్టరమ్మ లైటు వేసి చూస్తే లోపల నల్లగా పెచ్చు కట్టి ఉంది. ఆమె చిన్న ముక్క తుంచి, నల్లబూజేమో చూడమని ల్యాబుకి పంపింది.

సీసా మీద పేరు కల్వమక్క రెండుసార్లు చదివింది. ముక్క గోరంత ఉంది. మన టైలరుది, దీంట్లో ఏమున్నా వదలకూడదు అనుకుంది. అలా అనుకునే, కొంచెం కూడా పక్కకి తీసిపెట్టకుండా మొత్తం కల్వంలో వేసి, ఎన్నడూ నూరనంత శ్రద్ధగా నూరింది. గాజుపలక మీద చుక్క వేసి చూస్తే అక్కడక్కడా చిట్లిన పీలికలు కనిపించాయి. దూదిపోగులనుకుంది. బూజు కనబడలేదని రాసింది. పళ్లెంలోనూ ఏమీ మొలవలేదు.

ఆ ఒక్క మాట మీద పైన వార్డులో ఎంత నడుస్తున్నదీ కిందున్న ఆమెకి తెలుసు. నల్లబూజుకి పనిచేసే మందు కిడ్నీలని కొడుతుంది. చెల్లెలిచ్చినది ఆ ఒక్కటే. పైగా బూజు మీద గెలవాలంటే కిడ్నీని కాపాడే మందులు తగ్గించాలి. తగ్గిస్తే ఒళ్లు కిడ్నీని తోసేయొచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రక్తపరీక్ష చేసి తేల్చుకుందామంటే ఈ బూజు దానికి చిక్కేది కాదు. అందుకే కిడ్నీ డాక్టరుగారు రుజువు లేకుండా ఆ మందు మొదలుపెట్టలేనన్నారు. ఈలోగా వేరే బూజులకిచ్చే మాత్రలిచ్చారు. ఆ మాత్రలంటే నల్లబూజుకి లెక్కేలేదు.

డాక్టరమ్మకి మనసొప్పక ల్యాబుకి ఫోన్ చేసింది. "అక్కా, మన ముక్క సరిగ్గానే ఉందా?"

సరిగ్గా ఆ క్షణాన బూజుమావయ్య మాట కల్వమక్కకి గుర్తొచ్చింది. వెదురు, కణుపులు, గొట్టం, అన్నీ. అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ నోరు ఇంకో మాట అంది.

"చాలా చిన్నదమ్మా. ఇంకొంచెం పెద్దది తీసుంటే బాగుండేది."

అది అబద్ధమూ కాదు. అదే ఆమెని తర్వాత ఎక్కువ కాల్చింది.

డాక్టరమ్మ ఆ మర్నాడే మళ్లీ ముక్క తీసింది. అప్పటికి టైలరు కుడి కన్ను కదలడం మానేసింది, రెప్ప వాలిపోయింది. ఈసారి సగం కణజాలం చూసే గదికి, సగం కల్వమక్క బల్లకి వచ్చింది. ఆమె కల్వాన్ని బీరువాలో పెట్టి, బ్లేడు తీసింది. చేతికి ఆ పని కొత్త. సన్నగా తరిగి ఒక తునక మీద మందు చుక్క వేసి చూసింది. వెడల్పాటి రిబ్బన్లు, ముడతలు పడి, కణుపుల్లేకుండా, మూలమట్టం పెట్టి గీసినట్టు కొమ్మలు వేస్తూ, చూసిన చోటల్లా అవే. మొదటి పలకమీద తాను దూదిపోగులనుకున్నవి ఏమిటో అర్థమైంది. ఫోన్‌లో ఫలితం చెప్పింది కానీ ఆ సంగతి చెప్పలేదు. మర్నాటికల్లా పళ్లెం మూతని తాకేంత ఎత్తున బూజు పత్తిలా పొంగింది. తన మూర్ఖత్వం తెల్లగా, పుష్టిగా పెరిగి కూర్చుందనిపించి మూత తెరవకుండా చాలాసేపు చూసింది.

మందు మొదలైంది, కానీ మందొక్కటే చాలదు. ఈ బూజు రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసేస్తుంది. రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది. రక్తమే పోనిచోటికి మందు ఎలా వెళ్తుంది? చచ్చిందంతా కోసి తీసేయాలి. టైలరు కుడి కన్ను తీసేశారు, చెంప ఎముకలో కొంత తీసేశారు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ వరండాలో చెల్లెలితో మాట్లాడుతోంది. కల్వమక్క పళ్లేల ట్రే పట్టుకుని ఆ దారినే వస్తూ విన్నది.

"తప్పు నాదేనమ్మా," అంటోంది డాక్టరమ్మ. "మొదటిసారే ఇంకొంచెం పెద్ద ముక్క తీసుండాల్సింది."

కల్వమక్క అడుగు పడలేదు. తన మాటే, అక్షరం మారలేదు. తాను ఉమ్మేసింది ఇంకొకరు నోట్లో పెట్టుకుని నములుతున్నట్టనిపించింది. ట్రే గోడపక్కన పెట్టి, చెల్లెలు పక్కకి వెళ్లేదాకా నిలబడి, డాక్టరమ్మ ముందుకి వెళ్లింది. అంతా చెప్పింది. నూరకూడదని ముందే తెలుసని, నవ్వానని, ఫోన్‌లో తప్పుకున్నానని.

డాక్టరమ్మ ముఖం కడుక్కున్నట్టు రెండు చేతులతో రాసుకుంది. కోపమో, అలసటో తెలియలేదు.

"ఫోన్‌లోనే చెప్పుంటే ఆ పూటే మళ్లీ ముక్క తీసేదాన్నక్కా," అంది. "రేపు మీటింగులో చెప్పాలి. ఆ అన్నాచెల్లెళ్లకీ చెప్పాలి. నేనూ వస్తాను."

"వాళ్లకి నేనే చెప్తానమ్మా. మీరు పక్కనుండండి చాలు."

మీటింగులో చెప్పడం తేలికే అయింది. అక్కడ అందరూ తల వంచుకుని విన్నారు, ఇకపై నల్లబూజు అనుమానమున్న ముక్కని ఎవరూ నూరకూడదని, కొంత ఎప్పుడూ పక్కన పెట్టాలని నిర్ణయించారు. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

టైలరు కాస్త కూర్చోగలిగాక వార్డుకి వెళ్లారు. ముఖంలో సగం కట్టు. చెల్లెలు గోడకానుకుని నిలబడింది. కల్వమక్క తిన్నగా చెప్పింది. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా అతని మీదే పడుతుందని తోచింది.

టైలరు మిగిలిన కన్నుతో ఆమెనే చూశాడు.

"నూరకుండా ఉంటే కన్ను దక్కేదా అక్కా?"

ఆమె డాక్టరమ్మ వైపు చూడలేదు. "తెలీదయ్యా. దక్కినా దక్కేదేమో. ఈ జబ్బులో పూట పూటకీ తేడా ఉంటుంది. ఆ పూటలు నేను పోగొట్టాను."

అతను దుప్పటి అంచు వేళ్లతో తడుముతూ కుట్టు ఎక్కడ వదిలిందో చూసుకున్నాడు. చెల్లెలే మాట్లాడింది. "నా కిడ్నీ కూడా సగమే పని చేస్తోందంట ఆ మందుకి. అదీ మీ లెక్కలోకే రాసుకోండి." గట్టిగా అనలేదు. కల్వమక్క తల ఊపింది. రాసుకుంది.

"చిన్నీ, ఊరుకో," అన్నాడు టైలరు. తర్వాత కల్వమక్కతో, "కోపం రాలేదని చెప్పనక్కా. వచ్చింది. ఇప్పుడు మాత్రం వెళ్లు," అన్నాడు.

ఆమె వెళ్లింది.

టైలరు బతికాడు. కొట్టు మళ్లీ తెరిచాడు, కానీ సూదిలో దారం చెల్లెలే ఎక్కిస్తుంది. కల్వమక్క వెనక గేటు మానేసి, చుట్టు తిరిగి ముందు గేటునుంచి వచ్చేది. కొన్నాళ్లకి అది కూడా దాక్కోవడమే అనిపించి మళ్లీ ఆ దారే పట్టింది. అతను కొట్టులో ఉంటే తల ఊపుతాడు, ఒక్కోసారి ఊపడు. ఊపని రోజునా ఆమె ఆ దారినే వస్తుంది.

క్షయ ముక్కలని ఇప్పటికీ ఆమే నూరుతుంది, ఇప్పటికీ కాటుకలాగే వస్తుంది. ఇంకొకరి పలుకుల్ని మాత్రం వెక్కిరించదు. బూజు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు బ్లేడుతో తరుగుతుంది, తరిగే ముందు కొంచెం పక్కకి తీసి పెడుతుంది. ల్యాబులో అందరూ పాత అలవాటు కొద్దీ "కల్వమక్కా" అనే పిలుస్తారు. ఆ పేరు మార్చమని ఆమె ఎవర్నీ అడగలేదు. పిలిచినప్పుడల్లా ఒక్క క్షణం ఆలస్యంగా, తల వంచుకుని, "ఆఁ" అంటుంది.