దారం కట్టిన వంకాయ

నేను చదివింది వీధిబడిలో ఐదో తరగతి వరకే. అయినా కాయగూరల పోటీలో వరుసగా మూడేళ్లు మొదటి కప్పు నాదే. నా వంకాయలు చూసి వ్యవసాయ అధికారి అంతటివాడు సైకిలు దిగి నిలబడ్డాడు. ఆ మూడు కప్పులూ ఇప్పుడు నేనుంటున్న కొడుకింట్లో, నాలుగో అంతస్తులో, టీవీ పక్కన ఉన్నాయి. మూడో కప్పులో మా ఆవిడ దాచిన విత్తనాల మూట ఉంది. ఆవిడ పోయి ఐదేళ్లు.

మనవరాలికి తొమ్మిదేళ్లు. వాగుడుకాయ కాబట్టి పిచ్చుక అంటాం. ఒకరోజు కప్పులో చెయ్యి పెట్టి ఆ మూట విప్పింది. పదిహేడు గింజలున్నాయి. ముసలి గింజలు, మొలవవన్నాను. వినలేదు. తడిగుడ్డలో చుట్టి పెడితే పన్నెండో రోజుకి ఒక్కటే కళ్లు తెరిచింది. తక్కినవి బూజు పట్టాయి. నాలుగైదు ఆకులు వచ్చాక మట్టి, ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపిన గ్రో బ్యాగ్‌లోకి మార్చి బాల్కనీలో ఎండ తగిలేచోట పెట్టాం.

రెండు నెలలకు పూత వచ్చింది, రాలింది. పువ్వు మధ్యలోని సూదిలాంటి కాడ చుట్టూ ఉన్న పుప్పొడి కాడల కన్నా పైకి పొడుచుకొస్తేనే ఆ పువ్వు నిలుస్తుందని, లోపల దాక్కున్నది రాలిపోతుందని, ఇంత ఎత్తుకి తేనెటీగలు రావు కాబట్టి పువ్వుని కదిలించాలని చెప్పాను. ఎలా కదిలించాలో చూపించలేదు. మర్నాడు పొద్దున చూస్తే, పిల్ల పువ్వు తొడిమ మీద గోటితో కొడుతోంది. రెండు దెబ్బలు, ఓ క్షణం ఆగి, మళ్లీ ఒక దెబ్బ.

మా ఆవిడ సరిగ్గా అలాగే కొట్టేది.

"ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదు తాతా. వేలికే తెలుసు."

ఒక్క పువ్వు నిలిచింది. ఇరవై రోజులకి కాయ పిడికెడైంది, అద్దంలా నిగనిగలాడింది. కొయ్యమన్నాను. ఇంకా పండలేదంది.

"టమాటా అనుకున్నావా పండడానికి? మెరుపు పోయిందంటే గింజ ముదిరి చేదెక్కుతుంది. మూడు కప్పులు గెలిచినవాణ్ణి చెబుతున్నాను."

మర్నాడు కాయ తొడిమకి ఎర్రదారం కట్టి ఉంది.

ఆ దారం మా ఆవిడ కుట్టుపని డబ్బాలోది. ప్రతి ఏడూ ఒక్కో మొక్క మొదటి కాయకి ఆవిడ ఎర్రదారమే కట్టేది. దారం ఉన్న కాయని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు, అది విత్తనానికి. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. కోడల్ని అడిగితే తనకి తెలియదంది. పిల్లని అడగడానికి నాకు నోరు రాలేదు.

వారాలు గడిచాయి. మెరుపు పోయింది, ఊదారంగు వెలిసి గోధుమరంగుకి దిగింది. బరువుకి కొమ్మ వంగితే పుల్ల పాతి కట్టాం. బలమంతా ఆ కాయకే పోవాలని పిల్ల కొత్త పూతని తుంచేసింది. ఎదురింటి దర్జీది రోజూ ఇదే పలకరింపు.

"ఏం పెద్దాయనా, కాయని పెంచుతున్నారా, దానికి పెళ్లి చేస్తారా?"

నాకు తలకొట్టేసినట్టయింది. ఒక మధ్యాహ్నం పిల్ల బడికి, కొడుకూ కోడలూ పనికి వెళ్లాక కత్తెర పట్టుకున్నాను. తొడిమ మీద పెట్టగానే వెనక గాజులు గలగలమన్నాయి. తిరిగి చూస్తే ఎవరూ లేరు. దండెం మీది క్లిప్పులు గాలికి ఒకదానికొకటి తగిలాయేమో. నా చెవికి మాత్రం అవి క్లిప్పులనిపించలేదు. కత్తెర కింద పెట్టేశాను.

పిల్ల వచ్చేసరికి అక్కడే కూర్చుని ఉన్నాను. కత్తెర చూసింది. నేనే చెప్పాను.

"మీ నానమ్మ మంచం పట్టిన ఏడు పోటీకి నాణ్యమైన కాయలు చాలలేదమ్మా. దారం కట్టినవి కూడా కోసేశాను. ఆ మూడో కప్పు వాటితో వచ్చిందే. అది చూసి తను పాత డబ్బా అడుగున మిగిలిన గింజలు దులిపి మూట కట్టింది."

"నాకు తెలుసు తాతా. నేను నానమ్మ మంచం మీదే ఉన్నాగా. ఆ కోసిన కాయల దారాలు ఒళ్లో పోసుకుని చూసుకునేది."

అప్పటికి దానికి నాలుగేళ్లు.

పువ్వు నిలిచిన యాభై ఎనిమిదో రోజుకి కాయ పసుపుగా తిరిగింది. పిల్లే కోసింది. నాలుగు రోజులు నీడన పెడితే వేలు దిగేంత మెత్తబడింది. అప్పుడు నాకు తెలిసొచ్చింది: ఇన్నేళ్ల సేద్యంలో నేనెప్పుడూ విత్తనం తియ్యలేదు. నీళ్ల గిన్నెలో గుజ్జు పిసికింది పిల్లే. తాలు గింజలు తేలాయి, గట్టివి మునిగాయి. తేలినవాటిని గుజ్జుతో పారబోసి, మునిగినవాటిని కడిగి, గుడ్డ మీద నీడన ఆరబెట్టింది. పక్కన వేరే వంగమొక్క లేదు కాబట్టి వేరే రకం పుప్పొడి కలిసి కల్తీ అయ్యే భయం లేదు. ఆరేదాకా అటు వెళ్లినప్పుడల్లా గుడ్డ మీద గింజలు ఎవరో తిరగేసిన చప్పుడు. పిల్ల బడిలో ఉన్నప్పుడు కూడా.

చివరికి ఎర్రదారంతోనే మూట కట్టింది. పట్టుకుంటానని చెయ్యి చాచాను.

"నీకు వద్దులే తాతా," అంది మెల్లగా, తప్పుపట్టినట్టు కాదు. మూట కుట్టుపని డబ్బాలో పెట్టి మూత వేసింది.

మూడో కప్పు ఇప్పుడు ఖాళీగా ఉంది. దాని మీద నా పేరు చెక్కి ఉంది. ఈమధ్య నేను దాన్ని గోడవైపుకి తిప్పి పెడుతున్నాను.